గొడుగు మడతల్లో

ఏమే,
ఇది నీ చేతికి ఎప్పుడు దొరుకుతుందో నాకు తెలీదు.
బహుమతి ఇవ్వగానే విప్పి చూసే రకం కాదు నువ్వు,
పెట్టె అడుగున తోసేసి మరిచిపోయే రకం.
అందుకే మడతల్లో దాచాను.
అక్కడ మొదటి వాన పడ్డ రోజు
నువ్వు బటన్ నొక్కగానే
ఈ కాగితం నీ నెత్తిన పడాలి.
పడిందా?
అయితే ముందు ఏదైనా చూరు కిందికి వెళ్లు.
ఇంకు పెన్నుతో రాశాను, కరిగిపోతుంది.

వానల గురించి చదవడానికి
ఖండాలు దాటి వెళ్తున్నదానివి,
ఇన్నేళ్లలో ఒక్క గొడుగు నిలబెట్టుకోలేదు.
పోగొట్టినవి ఐదు. అందులో మూడు నావి.
మిగిలిన ఒక్కదాని కింద ఇద్దరం నడిస్తే
నీ ఎడమ భుజం, నా కుడి భుజం
రోజూ తడిసేవి.
ఇది మాత్రం ఒక్కరికే సరిపోతుంది.
పెట్టెలో పట్టాలని చిన్నది చూసి కొన్నాను.
ఇంటికొచ్చి తెరిచాకే తెలిసింది
ఎంత చిన్నదో.

సీటు వచ్చిన రాత్రి ఫోన్ చేసి
"వచ్చిందే!" అన్నావు.
ఏం వచ్చిందో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు,
ఇద్దరం అరిచాం.
ఆ తర్వాత మన మాటలన్నీ కాగితాల పాలయ్యాయి.
ట్రాన్స్‌క్రిప్టులు, లోను, వీసా స్లాటు,
తెల్లవారుజామున రెండు ఫోన్లలో
ఒకే పేజీని పదేపదే రిఫ్రెష్ చేయడం.
ఇంటర్వ్యూకి నువ్వు లోపలికి వెళ్తే
బయట మొక్కుకోబోయి ఆగాను.
ఏం కోరుకోవాలో ఒక్క క్షణం తేలలేదు.
ఒక్క క్షణమే.
ఇప్పటిదాకా నీకు చెప్పలేదు, తిట్టుకుంటే తిట్టుకో.
నువ్వు నవ్వుతూ బయటికి వచ్చేసరికి
నీకన్నా ముందు ఏడ్చింది నేనే కదా.

మొన్న పెట్టె తూచాం, గుర్తుందా?
ముందు నువ్వొక్కదానివి ఎక్కి,
తర్వాత పెట్టె ఎత్తుకుని ఎక్కి.
తీసివేత నేను చేశాను.
23 కిలోలు దాటకూడదని
ఒక పుస్తకం తీశాం, ఒక స్వెటర్ పెట్టాం,
మళ్లీ పుస్తకం పెట్టాం.
నీ చేతులు వణుకుతుంటే బరువుకి అన్నావు.
సరే, బరువుకే.

నాకు టెన్షన్ నీ చదువు గురించి కాదు.
ఆ ఊరి మ్యాప్‌లో హాస్టల్ నుంచి ల్యాబ్ దాకా
వేలితో ఎన్నిసార్లు నడిచావో చూశాను.
దారి నీకు నోటికి వచ్చు.
ఆ మూలమలుపు చెట్టు నాకు కూడా వచ్చేసింది.
తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుంటావు,
అది ఎలాగో సర్దుకుంటావు.
నా భయమల్లా నీ "బానే ఉన్నా" గురించి.
అవి రెండు రకాలు.
చివర్లో సాగదీస్తే నిజంగానే బావున్నట్టు.
టక్కున తెంపేస్తే జ్వరమైనా అయ్యుండాలి,
ఎవరో ఏదో అనైనా ఉండాలి.
ఈ తేడా పట్టుకోవడానికి నాకే రెండేళ్లు పట్టింది.
అక్కడివాళ్లు ఎంత మంచివాళ్లయినా
మొదటి రోజే ఎలా తెలుస్తుంది?
ఒక్కరికైనా నేర్పించు.
నాకు కుళ్లుగానే ఉంటుంది.
అయినా నేర్పించు.

మెరుపు మెరవగానే వేళ్లు లెక్కపెట్టి
"మూడు సెకన్లకి ఒక కిలోమీటరు,
పిడుగు దూరంగానే ఉంది, పద" అనేదానివి.
నిన్న రాత్రి నిద్ర పట్టక ఆ లెక్కే వేశాను.
మనిద్దరి మధ్య దగ్గరదగ్గర 12,000 కిలోమీటర్లు.
అంటే 36,000 సెకన్లు.
అంటే పది గంటలు.
మన గడియారాల తేడా కూడా ఇంచుమించు అంతే!
నేనిక్కడ పొద్దున ఏడింటికి నిన్ను కేకేస్తే
నీకక్కడ పొద్దున ఏడింటికే వినిపిస్తుందన్నమాట.
అక్కడ ఏటా రెండుసార్లు గడియారం జరుపుతారు కాబట్టి
అరగంట అటూ ఇటూ.
శబ్దం అంత దూరం రాదని పాఠం చెప్పకు.
నాకూ తెలుసు.
ఏడింటికి లేస్తే చాలు.

అక్కడి మేఘాలు ఎలా ఉన్నాయో రాయి.
నువ్వు పుస్తకాల్లో చూపించిన పేర్లన్నీ
ఆకాశంలో దొరికాయా?
మంచు పడితే నాకు వీడియో కాల్ చెయ్,
ఎంత రాత్రయినా సరే, మాట్లాడకపోయినా సరే,
ఫోన్ కిటికీ వైపు తిప్పి పెట్టు.
ఆ మూలమలుపు చెట్టు ఫొటో మాత్రం ముందు పంపు.
నీ ఫొటో తర్వాత చూస్తాను.

వాన తగ్గిందా?
తగ్గకపోయినా వెళ్లు, క్లాసుకి లేటవుతుంది.
గొడుగు ఎక్కడైనా మర్చిపోతావని తెలుసు,
ఇంకోటి కొనిపెట్టుకుంటాను.
ఈ కాగితం మాత్రం జేబులో పెట్టుకో.