నరేశ్‌కు: మీ క్యూసీలో ఖాళీ గురించి

నరేశ్,

ఎట్లున్నావ్ రా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ చేయకుండా ఇంత పెద్ద మెయిల్ పెట్టడానికి కారణం ఉంది. ఫోన్‌లో అడిగితే నువ్వు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఎదురుగా అడిగినవాడికి లేదనలేని మనిషివి నువ్వు, నాకు హాస్టల్ రోజుల నుంచి తెలుసు. అందుకే రాస్తున్నా. తీరిక దొరికినప్పుడు చదువు.

జడ్చర్లలో మీ ప్లాంటుకు క్వాలిటీ కంట్రోల్‌లో సీనియర్ ఎగ్జిక్యూటివ్ కావాలని మీ కంపెనీ కెరీర్స్ పేజీలో చూశాను. హెచ్‌పీఎల్‌సీ సెక్షన్, ఐదు నుంచి ఎనిమిదేళ్ల అనుభవం అడిగారు. దానికి నన్ను రిఫర్ చేయడం నీకు కుదురుతుందా అని అడుగుతున్నా.

ఇప్పుడే ఎందుకంటే, స్వాతికి డీఎస్సీ 2024లో టీచర్ పోస్టు వచ్చింది కదా, బాలానగర్ మండలంలో వేశారు. పాపను తీసుకుని జడ్చర్లలో వాళ్లమ్మ దగ్గర ఉంటోంది. నేను చౌటుప్పల్‌లో రూమ్‌లో. శనివారం డ్యూటీ దిగి ఎల్‌బీ నగర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఆరాంఘర్, మళ్లీ మహబూబ్‌నగర్ బస్సు పట్టుకుని ఇంటికి చేరేసరికి పాప నిద్రపోయి ఉంటుంది. ఆదివారం సాయంత్రం మళ్లీ సంచి సర్దుకోవాలి. బీ షిఫ్టు పడిన వారమైతే అసలు పోనేపోను. టీచర్ పోస్టు వదులుకుని రమ్మని తనను అడగలేను, అడగను కూడా. కదలాల్సింది నేనే. జడ్చర్ల, పోలేపల్లి, బాలానగర్, షాద్‌నగర్ వైపు ఏ ప్లాంటులో ఖాళీ కనబడినా అప్లై చేస్తున్నా. మీది అందులో ఒకటి. ఒక్క మీ కంపెనీ మీదే ఆశ పెట్టుకుని కూర్చోలేదు, ఆ టెన్షన్ నీకు వద్దు.

నా పని గురించి నీకు కొంత తెలుసు, మిగతాది ఉన్నదున్నట్టు రాస్తా. బల్క్ డ్రగ్ ప్లాంటులో ఆరేళ్లుగా హెచ్‌పీఎల్‌సీ, జీసీ రెండూ చూస్తున్నా. ఎంపవర్ మీదే రోజూ పని. రిలేటెడ్ సబ్‌స్టాన్సెస్, అస్సే, రెసిడ్యువల్ సాల్వెంట్స్, స్టెబిలిటీ శాంపిళ్లు సొంతంగా చేస్తా. రెండేళ్లుగా ఓఓఎస్ వస్తే ఫేజ్ వన్ ఇన్వెస్టిగేషన్‌లో కూర్చుంటున్నా. లేనిది ఏమిటంటే, ఫార్ములేషన్స్‌లో పని చేయలేదు. డిసొల్యూషన్ ఎంజీయూలో ప్రాక్టికల్‌గా చేసిందే తప్ప రొటీన్‌గా చేయలేదు. మీ యాడ్‌లో డిసొల్యూషన్ ఉంటే మంచిదని రాశారు, తప్పనిసరి అనలేదు. అది నీకు అడ్డంకిగా అనిపిస్తే నీ లెక్కే సరైనదనుకుంటా. అక్కడి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నోటీస్ పీరియడ్ రెండు నెలలు.

ఇక నీ వైపు సంగతి. దీని గురించే చాలా ఆలోచించాను.

మొదటిది, ఈ ఖాళీ మీ సెక్షన్‌లోనే అనుకుంటున్నా. నువ్వు ఇప్పుడు రివ్యూయర్‌వి. నేను వస్తే నా క్రొమాటోగ్రామ్‌లు నీ టేబుల్ మీదికి వస్తాయి. ఇంటిగ్రేషన్ సరిగ్గా లేదని ఒకరోజు నువ్వు నా సీక్వెన్స్ వెనక్కి పంపాల్సి వస్తుంది. ఇంకో రోజు ఆడిట్‌లో ఎవరో ఆడిట్ ట్రయల్ తెరిచి ఒక మాన్యువల్ ఇంటిగ్రేషన్ చూపించి, దీన్ని ఎవరు రివ్యూ చేశారని అడుగుతారు. చేసింది నీ ఫ్రెండ్, సంతకం నీది. నువ్వు పనిలో ఎంత కచ్చితంగా ఉన్నా పక్కన నలుగురు నాలుగు రకాలుగా అనుకునే వీలుంటుంది. ఆ ఇరుకులో పడటం నీకు ఇష్టం లేకపోతే నాకు పూర్తిగా అర్థమవుతుంది. నీ జాగాలో నేనుంటే నేనూ వెనకాడేవాణ్ని.

రెండోది, అప్రైజల్. నీ ప్రమోషన్ మాట నడుస్తోందని పోయినసారి చెప్పావు. ఇలాంటప్పుడు ఒకరి పేరు పట్టుకుని మేనేజర్ దగ్గరికి పోవడం మంచిదో కాదో బయట ఉన్న నాకు తెలియదు. ఇప్పటికే మన బ్యాచ్‌వాళ్లెవరినైనా రిఫర్ చేసి ఉండొచ్చు, ఇంకెవరికైనా మాట ఇచ్చి ఉండొచ్చు. లేదా నన్ను రిఫర్ చేయాలని నీకు అనిపించకపోవచ్చు. వీటిలో ఏదైనా కావచ్చు, వేరేదైనా కావచ్చు. కారణం నాకు చెప్పనవసరం లేదు. నేను అడగను.

మధ్యస్తంగా ఒక దారి కూడా ఉంది. నా పని గురించి నువ్వేమీ చెప్పకుండా, "తెలిసినవాడు, రెజ్యూమే పంపాడు, మీరే చూసుకోండి" అని హెచ్ఆర్‌కు ఫార్వర్డ్ చేయడం. నా పనికి పూచీ పడటం వేరు, కాగితం చేర్చడం వేరు. నువ్వు నా పని కళ్లారా చూసి చాలా ఏళ్లయింది, కాబట్టి పూచీ పడమని నేను అడగడం లేదు. ఇది కూడా కుదిరితేనే.

చాలా కంపెనీల్లో మనంతట మనం ఒకసారి అప్లై చేశాక రిఫరల్ లెక్కలోకి రాదంటారు. అందుకని నేనింకా అప్లై చేయలేదు. గురువారం రాత్రి దాకా ఆగుతా. నీ నుంచి ఏమీ రాకపోతే శుక్రవారం పొద్దున నేరుగా కెరీర్స్ పేజీలో పెట్టేస్తా. అంటే ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వకపోవడం కూడా జవాబే. నువ్వు "ఈసారి కుదరదురా" అని ఒక ముక్క పెట్టినా చాలు, పెట్టకపోయినా ఏమీ అనుకోను. మళ్లీ గుర్తు చేయను. నేరుగా అప్లై చేసినప్పుడు నీ పేరు ఎక్కడా రాయను. ఇంటర్వ్యూకు పిలిచి, లోపల ఎవరైనా తెలుసా అని అడిగితే, క్లాస్‌మేట్ ఒకడున్నాడు, ఈ అప్లికేషన్‌తో అతనికి సంబంధం లేదని చెప్తా.

ఈ విషయం స్వాతికి తప్ప ఎవరికీ చెప్పలేదు. మన బ్యాచ్ గ్రూపులో ఎత్తను. వచ్చే నెల మిర్యాలగూడలో శీనుగాడి చెల్లె పెళ్లికి ఇద్దరం వస్తాం కదా, అక్కడ కూడా దీని ఊసు తీయను. నువ్వు నన్ను చూసి తప్పుకుని తిరగాల్సిన పని లేదు. పెళ్లిలో పక్కపక్కన కూర్చునే తిందాం.

కుదిరితే నీకు పని తక్కువ పడేట్టు రెజ్యూమే పీడీఎఫ్ జత చేశాను, రెండు పేజీలే. యాడ్ లింక్ కూడా కింద పెట్టాను. రిఫరల్ ఫారంలో మామూలుగా అడిగే వివరాలు, అంటే అనుభవం, ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీస్ పీరియడ్, అన్నీ రెజ్యూమే మొదటి పేజీలో పైనే ఉన్నాయి. జీతం బేరం విషయంలో నిన్ను కదపను, అది నేనూ హెచ్ఆరూ చూసుకుంటాం. రిఫరల్ బోనస్ లాంటిది ఉంటే అది నీదే, దాని మాట మన మధ్య రానవసరం లేదు.

అమ్మకు నా నమస్తే చెప్పు. నల్లగొండ పోయినప్పుడు ఇంటికి వెళ్లి చూసి వస్తా. ఉద్యోగం సంగతి అక్కడ ఎత్తనులే.

ఉంటాను రా,
మహేశ్