విషయం: మీ అపార్ట్‌మెంట్ సోలార్ ప్లాంటు - రెండు కొటేషన్ల పోలిక

కార్యదర్శి గారికి, కమిటీ సభ్యులకు నమస్కారం.

నిన్న ఫోనులో మీరు అడిగిన మాటకు ఇది జవాబు: ‘వాళ్లు 7 లక్షల 75 వేలకు చేస్తామంటున్నారు, మీరు 13 లక్షల 90 వేలు అంటున్నారు, ఇంత తేడా ఎందుకు?’ మీరు వాట్సాప్‌లో పంపిన ఆ రెండో సంస్థ వారి కొటేషన్ పూర్తిగా చదివాను. ఆదివారం జనరల్ బాడీలో దీని మీద చర్చ ఉందన్నారు కాబట్టి, అక్కడ చదివి వినిపించడానికి వీలుగా కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అసలు తేడా మీరు అనుకున్నంత లేదు. వారు కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ తీసేసి మిగిలిన మొత్తం రాశారు, మేము తీయకుండా మొత్తం ధర రాశాం. ఈ రంగంలో రెండు పద్ధతులూ ఉన్నాయి, ఇందులో వారి తప్పేమీ లేదు. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంట్ సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. మీ 25 కిలోవాట్లకు అది 4 లక్షల 50 వేలు. ఫ్లాటుకు 3 కిలోవాట్ల లెక్కన పరిమితి ఉంది గానీ, 60 ఫ్లాట్లున్న మీకు అది అడ్డు రాదు. ఎవరి చేత పెట్టించుకున్నా సబ్సిడీ ఒకటే, అది నేరుగా సంఘం బ్యాంకు ఖాతాలో పడుతుంది. కానీ పని పూర్తై, నెట్ మీటర్ బిగించి, తనిఖీ అయ్యాకే వస్తుంది. అంతవరకు మొత్తం ధర మీ నిధి నుంచే కట్టాలి. ఈ మాట సభలో ముందే చెప్పండి, లేకపోతే మధ్యలో డబ్బు సర్దుబాటు కాక ఇబ్బంది పడతారు.

కాబట్టి పోల్చవలసిన అంకెలు ఇవి: వారిది 12 లక్షల 25 వేలు, మాది 13 లక్షల 90 వేలు. సబ్సిడీ పోగా వారిది 7 లక్షల 75 వేలు, మాది 9 లక్షల 40 వేలు. మాది లక్షా 65 వేలు ఎక్కువ. ఆ లక్షా 65 వేలు ఎక్కడికి పోతోందో చెబుతాను. అందులో మీకు అక్కరలేనిది ఉంటే తీసేయమనండి.

ముందుగా ప్యానెళ్లు. తేడాలో వీటి వాటా 32 వేలు. వారు 540 వాట్ల మోనో పెర్క్ రకం ప్యానెళ్లు 47 ఇస్తున్నారు, మేము 575 వాట్ల టాప్‌కాన్ రకం 44 ఇస్తున్నాం. మొత్తం సామర్థ్యం చూస్తే వారిది 25.38 కిలోవాట్లు, మాది 25.3. అంటే కాగితం మీద వారిదే 80 వాట్లు ఎక్కువ. మోనో పెర్క్ ఏళ్ల తరబడి నిలబడిన రకం, దాన్ని నాసిరకం అనడానికి లేదు. తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి ఎండ వేడి. ప్యానెల్ సామర్థ్యం రాసేది 25 డిగ్రీల దగ్గర. విజయవాడ మే నెల మధ్యాహ్నం డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ 40 డిగ్రీల తేడాకు వారి ప్యానెల్ సుమారు 14 శాతం ఉత్పత్తి కోల్పోతే, మాది సుమారు పదకొండున్నర శాతం కోల్పోతుంది. రెండోది వయసు. వారి ప్యానెల్ 25వ ఏడు చివర 84.8 శాతం ఇస్తుందని తయారీదారు హామీ. మాది అదే కాలానికి 89.4 శాతం, 30వ ఏడుకు 87.4 శాతం.

ఇవి వినడానికి పెద్దగా ఉంటాయి, రూపాయల్లోకి మారిస్తే అంత ఉండవు. మే మధ్యాహ్నం వేడి ఏడాది పొడవునా ఉండదు కదా. మన ప్రాంతంలో కిలోవాట్‌కు ఏడాదికి 1,400 యూనిట్లు వేసుకుంటే మీ ప్లాంటు 35,000 యూనిట్లు ఇస్తుంది. మొదటి ఏడాది మా ప్యానెళ్ల వల్ల అదనంగా వచ్చేది 900 యూనిట్ల చిల్లర. మీ బిల్లులో యూనిట్‌కు పడుతున్న సుమారు 8 రూపాయల చొప్పున చూస్తే ఏడున్నర వేలు. అంటే ఆ 32 వేలు తిరిగి రావడానికి నాలుగేళ్లకు పైగా పడుతుంది, తర్వాత వచ్చేదంతా లాభం. మా ప్యానెల్ వెనక వైపు నుంచి కూడా కొంత వెలుతురు తీసుకుంటుంది. అయితే మీ డాబా నేల మసకబారిన సిమెంటు, దాని మీద ఎంత వస్తుందో గట్టిగా చెప్పలేం కాబట్టి ఆ లాభాన్ని లెక్కలో కలపలేదు.

ఇక స్ట్రక్చర్. అసలు ఆలోచించవలసింది ఇక్కడే. తేడాలో 85 వేలు దీనివే. వారు డాబా నేలకు రెండడుగుల ఎత్తులో, కాంక్రీటు దిమ్మెల మీద ప్యానెళ్లు పెడతామన్నారు. మేము ఎనిమిదడుగుల ఎత్తులో ఇనుప స్తంభాల మీద పెడతామన్నాం. మీ డాబా చూసినప్పుడు అక్కడ బట్టలారేసే తీగలు, వడియాలు పెట్టిన చాపలు, ఒక మూల పిల్లల షటిల్ వల కనిపించాయి. 25 కిలోవాట్లకు రమారమి 2,500 చదరపు అడుగులు కావాలి. కింద పెడితే ఆ స్థలమంతా పోయినట్టే. ఎత్తులో పెడితే కింద నీడ పడుతుంది, స్థలం మిగులుతుంది.

అయితే రెండో పక్క కూడా చెప్పాలి. వారి పద్ధతిలో స్లాబుకు ఒక్క రంధ్రం కూడా పెట్టరు. మాకు స్తంభాల కోసం బోల్టులు దించక తప్పదు. రసాయన మిశ్రమంతో మూసి, పైన వాటర్‌ప్రూఫింగ్ చేసి, అయిదేళ్లు లీకేజీ బాధ్యత మాదేనని రాసిస్తాం. అయినా రంధ్రం రంధ్రమే. పై అంతస్తు వాళ్లు దీనికి అభ్యంతరం చెబితే అది న్యాయమైన అభ్యంతరం. గాలి విషయంలోనూ తక్కువ ఎత్తు స్ట్రక్చర్‌కు సహజంగానే ఒత్తిడి తక్కువ. విజయవాడకు భారతీయ ప్రమాణం ప్రకారం తీసుకోవలసిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మా డిజైన్ దానికే చేశాం, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన లెక్క జత చేశాను. వారి కొటేషన్‌లో గాలి వేగం ప్రస్తావన లేదు. రాయనంత మాత్రాన లెక్క చూసుకోలేదని అనుకోకూడదు. దిమ్మెల బరువు ఎంతో, ఏ వేగానికి లెక్కగట్టారో ఒక కాగితం అడగండి, చాలు. దిమ్మెల బరువు మోయడానికి స్లాబు సరిపోతుందా అనేది కూడా అదే కాగితంలో ఉండాలి.

డాబా వాడకం మీకు ముఖ్యం కాదనుకుంటే మేమూ తక్కువ ఎత్తులోనే పెడతాం, 85 వేలు తగ్గిస్తాం.

మిగిలిన 48 వేలు శుభ్రం చేయడానికి. నెలకు రెండుసార్లు మా మనుషులు వచ్చి ప్యానెళ్లు కడుగుతారు, రెండేళ్ల పాటు. వారి కొటేషన్‌లో ఇది లేదు. ఉండి తీరాలని కూడా నేను అనను. మీ వాచ్‌మన్ గారికి నెలకు కొంత ముట్టజెప్పి, పొద్దున ఎండ ఎక్కకముందే మామూలు నీళ్లతో కడిగిస్తే అదే పని అవుతుంది. పావురాలు ఎక్కువగా వాలే చోటు కాబట్టి అసలు కడగకుండా వదిలేస్తే మాత్రం ఉత్పత్తి పడిపోతుంది. ఈ సేవ వద్దంటే 48 వేలు తీసేస్తాను. మరమ్మతుల బాధ్యత వేరు. అయిదేళ్ల నిర్వహణ ఈ పథకంలో పనిచేసే ప్రతి సంస్థా ఇవ్వాల్సిందే, వారూ ఇస్తున్నారు, మేమూ ఇస్తున్నాం.

వారి కొటేషన్ మాకంటే మెరుగ్గా ఉన్న విషయాలు మరికొన్ని ఉన్నాయి. ఇన్వర్టర్‌కు వారు పదేళ్ల వారంటీ ఇస్తున్నారు, మాది ఎనిమిదేళ్లే. వారి సర్వీసు సిబ్బంది విజయవాడలోనే ఉంటారు. మా వాళ్లు గుంటూరు నుంచి రావాలి, అందుకే ఫిర్యాదుకు 48 గంటల గడువు రాశాం. పని మూడు వారాల్లో ముగిస్తామన్నారు. మాకు ఇనుము కోసి, గాల్వనైజింగ్ చేయించి తేవాలి కాబట్టి అయిదు వారాలు పడుతుంది. అడ్వాన్సు వారు 20 శాతం అడిగారు, మేము 30 అడిగాం. అడ్వాన్సు 20కి తగ్గించడానికి మా యాజమాన్యం ఒప్పుకుంది. సామాను దిగినప్పుడు కట్టవలసిన 60 శాతంలో మాత్రం మార్పు చేయలేం. మిగిలిన 20 శాతం నెట్ మీటర్ తిరిగాకే ఇవ్వండి. నెట్ మీటర్ సంగతికి వస్తే, ఏపీసీపీడీసీఎల్ పరిశీలనకు పట్టే సమయం ఎవరి చేతిలోనూ లేదు. ఆ తేదీకి వారూ హామీ ఇవ్వలేదు, నేనూ ఇవ్వను.

వారిని ఎంచుకునేటట్లయితే సంతకం పెట్టే ముందు రెండు విషయాలు అడగండి. సబ్సిడీ రావాలంటే ప్యానెల్ మాత్రమే కాదు, అందులోని సెల్ కూడా దేశంలో తయారైనదై ఉండాలి. వారి కొటేషన్‌లో ‘భారతీయ ప్యానెళ్లు’ అని మాత్రమే ఉంది. సబ్సిడీ లెక్క వేశారంటే సెల్ కూడా ఇక్కడిదే అయి ఉంటుంది, అయినా రాతపూర్వకంగా తీసుకోండి. రెండోది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సామానుకు 70, పనికి 30 శాతంగా విడదీసే లెక్కలో మొత్తం మీద 13.8 శాతం ఉన్నది 8.9 అయింది. మా ధర కొత్త రేటుతో వేసినది. వారిది ‘జీఎస్టీతో కలిపి’ అని ఉంది గానీ ఏ రేటో లేదు. ఒకవేళ పాత రేటుతో తయారైన కాగితమే అయితే వారి ధర ఇంకో 50 వేలు తగ్గాలి. ఇది మాకు వ్యతిరేకంగా పోయే మాటే, కానీ పోలిక సరిగ్గా జరగాలంటే మీకు తెలియాలి.

ఎవరితో వెళ్లినా ఏడాదికి సుమారు 2 లక్షల 80 వేల రూపాయల కరెంటు మిగులుతుంది. ఆ లెక్కన వారి ప్లాంటు పెట్టుబడి మూడేళ్లలోపే తిరిగి వస్తుంది, మాది మూడేళ్ల మూడు నాలుగు నెలలకు వస్తుంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. డాబాను ఇప్పటిలాగే వాడుకోవాలనుకుంటే మా ఎత్తు స్ట్రక్చర్ తీసుకోండి, శుభ్రం చేసే సేవ మానేయండి. అప్పుడు మా ధర 13 లక్షల 42 వేలు. డాబా అక్కరలేదు, తక్కువ ఖర్చులో త్వరగా అయిపోవాలనుకుంటే వారి కొటేషన్ మీకు బాగా సరిపోతుంది. మేము అన్నీ తగ్గించుకుని 12 లక్షల 57 వేలకు వచ్చినా ఇంకా వారి కంటే 32 వేలు ఎక్కువే, అది ప్యానెళ్ల ధర.

ఆదివారం ఉదయం పది గంటలకు నేను రాగలను. వీలైతే వారినీ అదే సమయానికి పిలవండి, సభ్యుల ప్రశ్నలకు ఇద్దరం ఒకేచోట జవాబు చెబుతాం. సవరించిన కొటేషన్, స్ట్రక్చర్ డ్రాయింగు, నీడ పడే చోట్లు గుర్తించిన డాబా పటం జత చేశాను. లిఫ్టు గది నీడ సాయంత్రం నాలుగు తర్వాత పడమటి వరుస మీద పడుతోంది, ప్లాంటు ఎవరు పెట్టినా ఆ మూల వదిలేయమనండి. మా ధర ఈ నెలాఖరు వరకు మారదు.

ఇట్లు,
శ్రీనివాస్
ప్రాజెక్టుల విభాగం, గుంటూరు