హాలో నైట్ నాకెందుకు పడలేదు

గేమ్స్ దగ్గర మా ఆఫీసులో ఏ ఇద్దరికీ పొసగదు. ఒకడికి తుపాకి లేకపోతే అది ఆటే కాదు. ఇంకొకావిడ క్రికెట్ తప్ప వేరేది ఇన్‌స్టాల్ కూడా చెయ్యదు. అలాంటివాళ్లు సైతం హాలో నైట్ పేరెత్తగానే దండం పెట్టేస్తారు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ ఊరికి చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న జట్టు 2017లో తెచ్చిన ఆట ఇది, పాడుబడ్డ పురుగుల రాజ్యంలో పోరాడుతూ తిరగాలి. విశాఖలో చదువుకుంటున్న మా తమ్ముడైతే దాని గురించి మాట్లాడటం మొదలుపెడితే అన్నం చల్లారిపోతుంది. వాడే సేల్‌లో కొని నాకు గిఫ్ట్‌గా పంపాడు. చాలా దూరమే ఆడాను. ఇక ఆడను.

ముందే చెప్తున్నా, పొగిడినవాళ్లెవరూ ఊరికే పొగడలేదు. బొమ్మలన్నీ చేత్తో గీసినవి. క్రిస్టఫర్ లార్కిన్ సంగీతం ఆఫీసులో పని చేసుకుంటూ ఇప్పటికీ వింటాను. మేకు లాంటి కత్తిని కిందికి ఝళిపించి, పురుగు వీపు మీద తగిలించి, ఆ ఊపుతో మళ్లీ పైకి ఎగరడం ఉంది చూడండి, అది చేతికి అలవాటయ్యాక ముళ్ల గుంటలన్నీ దాటాలనిపిస్తుంది. సిటీ ఆఫ్ టియర్స్ అనే నగరంలో వాన ఆగదు. పైనున్న బ్లూ లేక్ అనే సరస్సులోంచి కారే నీళ్లవి. అక్కడ కిటికీ పక్కన బెంచీ మీద క్విరెల్ అనే ఆయన కూర్చుని వాన చూస్తుంటాడు. నేనూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. చేసే పనేమీ లేదు, అయినా లేవబుద్ధి కాలేదు.

ఇబ్బంది అంతా ఆ బెంచీ నుంచి లేచాకే.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, ప్రొడక్షన్ సపోర్ట్‌లో పని. ఆన్‌కాల్ వారాల్లో ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియదు, మోగాక ఎప్పుడు వదులుతుందో అసలే తెలియదు. మిగతా వారాల్లో రింగ్‌రోడ్డు ట్రాఫిక్ దాటి వచ్చి, వండుకుని తిని, ఇంటికి ఫోన్ చేసి, లాప్‌టాప్ తెరిచేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. అంటే నా ఆట ముక్కలు ముక్కలుగా సాగుతుంది. ఒక్కోసారి మధ్యలో వారం ఖాళీ వస్తుంది. హాలో నైట్‌లో పాజ్ ఉంది, కాదనను. కానీ పాజ్ వేరు, వదిలి వెళ్లడం వేరు. ఆపేసి మళ్లీ తెరిస్తే చివరిసారి కూర్చున్న బెంచీ దగ్గరే లేస్తాం. సంపాదించిన జియో, అంటే ఆటలోని డబ్బు, దొరికిన వస్తువులు పోవు. నడిచిన దారి మాత్రం మళ్లీ నడవాలి.

మ్యాప్ సంగతి ఇంకా ఉంది. కొత్త ప్రాంతంలోకి అడుగుపెడితే చేతిలో మ్యాప్ ఉండదు. కార్నిఫర్ అనే ఆయన ఎక్కడో మూల కూర్చుని పాట పాడుకుంటూ గీస్తుంటాడు. ఆ కూనిరాగం విని, నేల మీద పడున్న కాగితాలు చూసి ఆయన్ని పట్టుకోవాలి. ఆ వెతుకులాట నాకు నిజంగా నచ్చింది. అయితే ఆయన అమ్మేది సగం మ్యాపే. మిగతాది మనమే నింపాలంటే డర్ట్‌మౌత్ అనే ఊళ్లో ఆయన భార్య ఇజెల్డా దగ్గర ఈకకలం కొనాలి. కొన్నాక కూడా కొత్తగా తిరిగిన గదులు అప్పటికప్పుడు మ్యాప్ మీదకి రావు, బెంచీ మీద కూర్చున్నప్పుడే వస్తాయి. పోనీ మనమెక్కడున్నామో అయినా కనిపిస్తుందా అంటే, దానికో కంపాస్ కొనాలి, 220 జియో. అది పెట్టుకుంటే బలాన్నిచ్చే చార్మ్‌లు పెట్టుకోవడానికి మొదట్లో ఉండే మూడు గడుల్లో ఒకటి అయిపోతుంది. అంటే దారి తెలియాలంటే బలం కొంత వదులుకోవాలి.

రోజూ కూర్చుని ఆడేవాళ్లకి ఇదంతా సమస్యే కాదు, దారులు బుర్రలోనే ఉంటాయి. మెజెస్టిక్‌లో రోజూ బస్సెక్కేవాళ్లు బోర్డుల వంక చూడరు కదా! నేను మాత్రం వారం తర్వాత తెరిచి, ఏ గోడ పగలగొట్టాలనుకున్నానో, ఏ గట్టు అందక వెనక్కి వచ్చానో గుర్తు రాక, ఫంగల్ వేస్ట్స్‌లో పుట్టగొడుగుల మధ్య అటూ ఇటూ గెంతుతూ ఉండేదాన్ని. ఆ కాస్తలోనే పడుకునే వేళయ్యేది.

నన్ను విసిగించి వదిలిపెట్టింది సోల్ మాస్టర్ అనే పెద్ద శత్రువు. సిటీ ఆఫ్ టియర్స్‌లో సోల్ శాంక్టమ్ అనే భవనం పైన ఉంటాడు. ఓడిపోతే బెంచీ దగ్గర లేస్తాం. అక్కణ్నుంచి మళ్లీ ఆ భవనమంతా ఎక్కి, దారిలో మీద పడే మాంత్రికులను తప్పించుకుని వెళ్లాలి. పైగా చచ్చిన చోట మన నీడ నిలబడి ఉంటుంది, మన జియో అంతా దాని దగ్గరే. దాన్ని కొట్టేలోపు ఇంకోసారి చస్తే ఆ డబ్బుకి నీళ్లొదులుకోవడమే. ఇక సోల్ మాస్టర్ ఏం చేస్తాడంటే, పడిపోయినట్టు నటిస్తాడు. సంగీతం ఆగుతుంది. గెలిచామనుకుని, దొరికిన కొత్త విద్య అందుకుందామని ముందుకు వెళ్తే ఒక్కసారిగా వచ్చి నేల బద్దలుకొడతాడు. కింద రెండో దశ. ఆ మోసం చూసి నేను గట్టిగా నవ్వాను, భలే రాశారనిపించింది. సరిగ్గా అప్పుడే ఆఫీసు ఫోన్ మోగింది. క్లయింటు సర్వరేదో పడిపోయిందట. కాల్ ముగిసేసరికి రాత్రి రెండు. మర్నాడు తెరిస్తే బెంచీ, మళ్లీ అదే ఎక్కుడు.

ఆఖరికి అతన్ని ఓడించాను. సంతోషం కాదు, హమ్మయ్య పని అయిపోయింది అనిపించింది. ఆఫీసులో టికెట్ క్లోజ్ చేసినప్పుడు వచ్చేది కూడా అదే. ఇంటికొచ్చి కూడా అదెందుకు?

తమ్ముడు ఒప్పుకోడు. "అక్కా, ఆ తిరుగుడే ఆట. దారి తప్పకపోతే ఆ బెంచీ కనిపించినప్పుడు అంత హాయి ఎలా వస్తుంది?" అన్నాడు. మాట నిజమే. బెంచీలు ఎక్కడబడితే అక్కడ ఉంటే, మ్యాప్ దానంతటదే నిండితే, ఆ భయం ఉండదు, ఆ ఊరటా ఉండదు. డీప్‌నెస్ట్ చీకట్లో చుట్టూ సాలీళ్లు పాకుతుంటే మ్యాప్ లేకపోవడం వల్లే గుండె దడదడలాడుతుంది. వాళ్లు కావాలనే అలా కట్టారు, చాలా శ్రద్ధగా కట్టారు. నీడ సంగతి ఎత్తితే, "డర్ట్‌మౌత్‌లో జీజీ ఉందిగా, కుళ్లిన గుడ్డు ఇస్తే నీడని అక్కడికే రప్పిస్తుంది" అని దానికీ మందు చెప్పాడు. జీజీ ఇంటి తలుపు తాళం ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాడు. వాడికి సెలవుల్లో రోజంతా ఖాళీ. వాడి వయసులో ఇది దొరికి ఉంటే నేనూ ఇలాగే మాట్లాడేదాన్నేమో.

కష్టంగా ఉందని వదిలేశాను అనుకునేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నా. కష్టం నాకు పేచీ కాదు. ఇప్పుడు స్లే ద స్పైర్ అనే కార్డుల ఆట ఆడుతున్నాను. అందులో కూడా చావుకి కొదవలేదు, చస్తే మొదటి మెట్టు నుంచే మొదలు. కానీ పోరాటం మధ్యలో ఫోన్ వచ్చి ఆపేస్తే, తిరిగి తెరిచినప్పుడు అదే పోరాటం మొదటి నుంచి వస్తుంది. చేతిలో ఉన్న కార్డులే మొత్తం కథ చెప్తాయి. వారం పోయాక చూసినా ఏం చేస్తున్నానో అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆటకీ నా రోజుకీ అక్కడ లంకె కుదిరింది.

కాబట్టి రాత్రుళ్లు మీవే అయితే, వరసగా కొన్ని రోజులు దానికి ఇవ్వగలిగితే, హాలో నైట్ కళ్లు మూసుకుని కొనుక్కోండి. నాలా ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లు మాత్రం దీర్ఘ సెలవు దొరికేదాకా ఆగండి. 2025 సెప్టెంబరులో దీని తర్వాతి ఆట సిల్క్‌సాంగ్ వచ్చినప్పుడు తమ్ముడు మళ్లీ గిఫ్ట్ పంపబోయాడు. ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టుకోరా అన్నాను.