ఏరు దాటిన నీళ్ళు

పరీధావి ఏడాది సంక్రాంతి వెళ్ళగానే రాజన్న కూలికి గన్నవరం పోయాడు. అప్పటికి ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట పడింది. ఆ నీళ్ళు నగరం దీవికి కూడా పంపాలని కాటన్ దొర పట్టుబట్టాడు. మధ్యలో వైనతేయ పాయ అడ్డం. అందుకని పాయ నెత్తిమీదుగా రాతి కాలువ కడుతున్నారు. 49 కమానులు, ఒక్కోటి 40 అడుగులు. పని చూసేవాడు హేగ్ దొర. పాయ సన్నబడి ఇసుక తేలినన్నాళ్ళే పని సాగుతుంది, వరద తగిలేలోపు ముగించాలి. అందుకే ఊరూరికీ మనుషుల కోసం కబురు వచ్చింది.

"ఏరు మీద ఏరు పారుద్దంట! కూలి డబ్బులు ఇస్తన్నారా లేదా, అది చూసుకో" అన్నాడు సూరయ్య కొడుకుతో.

సూరయ్యది అపనమ్మకం కాదు, అలవాటు. వాళ్ళ ఊరున్న ఆ దీవికి రెండు పక్కలా గోదావరి పాయలే, ఇంకో పక్క సముద్రం. చేలో మాత్రం నీళ్ళుండవు. ఎండాకాలం పాయ చేలకంటే ఎంతో కిందికి దిగిపోతుంది, పైగా సముద్రప్పోటు ఎక్కి ఉప్పగా ఉంటుంది. వానాకాలం వచ్చిందా, వరద ఒక్కసారిగా మీదపడి నారుతో సహా ఊడ్చుకుపోతుంది. ఇంటికి మూడు చెక్కల భూమి ఉంది. పల్లపు చెక్కలు రెండింట్లో వానని నమ్ముకుని వరి వేస్తారు. మెరక చెక్కలో గంటెలు, ఉలవలు. వరి మూడేళ్ళకొకసారి పండితే పండినట్టు. మిగతా ఏళ్ళు గంటె సంకటే, అదీ ఒక పూట.

నందన కరువు నాటికి సూరయ్యకి పన్నెండేళ్ళు. తండ్రి పోయాడు, ఇద్దరు చెల్లెళ్ళు పోయారు. తల్లి వీరమ్మ ఆ ఏడు విత్తనాలు కూడా దంచి గంజి కాచి పోసింది. మరుసటి ఏడు వానలు కురిశాయి, చల్లడానికి గింజ లేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆవిడ నోట మాట రాదు. ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో ఎవరు ఆకలితో ఉన్నా విత్తనాల గాబు మూత తీసేది ఆవిడే, అదీ ఆరుద్ర కార్తెలో, మబ్బు చూసుకుని.

ప్రమాదీచ ఉగాది దాటింది, రోహిణి ఎండలు దాటాయి. మృగశిరలో రాజన్న ఇంటికి వచ్చాడు. చేతులు సున్నం తిని పగిలిపోయి ఉన్నాయి. చిట్టెమ్మ కొడుకు చేతులు చూసి ఆముదం గిన్నె తెచ్చి కూర్చుంది.

"అయిపోయినట్టే అమ్మా. ఇటు పక్క మన ఊరి దాకా కాలువ తవ్వకం కూడా వచ్చేసింది. ఈ ఏడే నీళ్ళొదుల్తారు. ఇప్పుడే ఆకుమడి పోసుకోవాలి. నీళ్ళొచ్చాక పోస్తే నారు ఎదిగేసరికి పుణ్యకాలం దాటిపోద్ది."

"వాన లేదు. ఆకుమడి దేనితో తడుపుతావు?" అన్నాడు సూరయ్య.

"నూతి నీళ్ళు. కావిళ్ళతో మోద్దాం."

"మోసి మోసి నారు పెంచి, ఆ కాలువ రాకపోతే? విత్తనాలూ పోయె, మన ఒళ్ళూ పోయె."

తండ్రీ కొడుకులు మాటా మాటా పెంచుకున్నారు. చిట్టెమ్మ ఇద్దరినీ కసిరింది. వీరమ్మ అప్పటిదాకా గోడకి చేరగిలపడి వింటోంది. మనవణ్ణి దగ్గరికి పిలిచింది.

"సున్నం ఎన్నాళ్ళు నానబెట్టారు?"

రాజన్న చెప్పాడు.

"గానుగ ఆడించారా, చేత్తో కలిపేశారా?"

"గానుగే మామ్మా. ఎడ్లు తిరుగుతానే ఉండేయి. గానుగ దగ్గర మేస్త్రీ వేళ్ళ మధ్య నలిపి చూసి, పలుకు తగిల్తే మళ్ళీ ఆడించమనేవోడు."

"బెల్లం నీళ్ళు కలిపారా?"

"కలిపారు. మాకు నాకడానికి కూడా మిగల్చలా."

"వొరస వొరసకీ నీళ్ళు కొట్టారా, ఎండకి వొదిలేశారా?"

"రాత్రుళ్ళు కూడా తడిపించారు. నేను తడిపా."

వీరమ్మ తండ్రి నూతులు కట్టినవాడు. చిన్నప్పుడు ఆయన పక్కనే ఉండి సున్నం చూసిన మనిషి. దొరల మాట, కరణంగారి మాట ఆవిడకి లెక్కలేదు. పలుకు తగిలితే మళ్ళీ గానుగ ఆడించారన్న మాట పట్టింది. లేచి లోపలికెళ్ళి గాబు మూత తీసింది. విత్తనాలు సగం కొలిచి బయట పోసి, మిగతా సగం మీద మూత మళ్ళీ పెట్టేసింది.

"సగానికే నా నమ్మకం" అంది.

ఆకుమడి పోశారు. పొద్దున రెండు జాములు, సాయంత్రం ఒక జాము, ఇల్లంతా నీళ్ళు మోసింది. చిన్నది బుల్లెమ్మ కూడా ముంతతో మోసేది. ఊళ్ళోవాళ్ళు గట్టు మీద నిలబడి చూసి వెళ్ళేవారు. ఆరుద్రలో ఒక్క జల్లు పడి ఆగిపోయింది. పునర్వసు సగం అయింది. నారు జానెడు ఎత్తు పెరిగి, అంచులు పసుపు తిరగడం మొదలెట్టింది. నూతిలో నీళ్ళు అడుగంటాయి. సూరయ్య ఆ వారం కొడుకుతో మాట్లాడలేదు, కావిడి మాత్రం దించలేదు.

నీళ్ళు రాత్రిపూట వచ్చాయి. కాలువ దగ్గర కాపలా ఉన్న కుర్రాళ్ళు కేకలేసుకుంటూ ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చారు. దీపాలు పట్టుకుని జనం వెళ్ళేసరికి ఎర్రటి నీళ్ళు, ముందు చెత్తా నురగా తోసుకుంటూ నెమ్మదిగా వస్తున్నాయి. ఎండిన కాలువ అడుగు తాగేస్తుంటే ఆగి, నిండి, మళ్ళీ కదులుతున్నాయి. సూరయ్య కాలువలోకి దిగి దోసిలితో తీసి నోట్లో పోసుకున్నాడు. ఉప్పు లేదు. రెండోసారి తాగాడు.

తెల్లారేసరికి బోదె తెగ్గొట్టి చేలోకి పెట్టారు. దమ్ము చేస్తుంటే కాళ్ళకింద ఒండ్రు మెత్తగా తగిలింది. గోదావరి వరదలో కొట్టుకొచ్చే ఆ మట్టి అంతకుముందు సముద్రం పాలయ్యేది, ఇప్పుడు చేలో పేరుకుంటోంది. ఊళ్ళో నారు ఉన్నది వీళ్ళకీ ఇంకో ఇద్దరికీ. చిట్టెమ్మ ఊడ్పులకి పిలవకుండానే ఆడవాళ్ళు వచ్చి వరసలో దిగారు. కూలి వద్దు, మిగిలిన నారు ఇస్తే చాలన్నారు. మిగిలింది కొద్దే అయినా పంచింది. మిగతావాళ్ళు అప్పటికప్పుడు విత్తనాలు నానబోసుకున్నారు.

ఒక చిక్కు వచ్చిపడింది. అంతకుముందు ఊళ్ళో నీళ్ళ తగాదాలు ఉండేవి కావు, నీళ్ళే లేవు కాబట్టి. ఇప్పుడు వంతులు పెట్టుకోవాల్సి వచ్చింది. పై చేను అప్పన్న రాత్రిపూట బోదెకి అడ్డం మట్టి వేస్తున్నాడని సూరయ్య పార పట్టుకుని గట్టు మీదే పడుకునేవాడు. ఏరు మీద ఏరు పారుద్దా అన్న మనిషి, రెండు ఘడియల నీళ్ళ కోసం అప్పన్నతో పెద్దమనుషుల దాకా వెళ్ళాడు!

కోతలకి రెండు చెక్కల్లోనూ గింజ గట్టిపడింది. కుప్పలు నూర్చి ఇంటికి చేరేసరికి గాదె చాలలేదు. వసారాలో ఈతచాపల మధ్య పోశారు. బుల్లెమ్మ కూరా నారా లేకుండా వట్టి వరన్నమే మూడుసార్లు పెట్టించుకుని తింది. వీరమ్మ దాని పక్కన కూర్చుని, తను తినడం మర్చిపోయి దాన్నే చూసింది.

శిస్తుకి తీసింది పోగా విత్తనాలు కొలిచే రోజు మళ్ళీ గొడవ మొదలైంది.

"వచ్చే ఏడు మెరక చెక్క కూడా తవ్వి పల్లం చేసి వరే వేద్దాం" అన్నాడు సూరయ్య.

"గంటెలు మానేస్తావా? ఆ కాలువకి గండి పడితే ఏం తింటావురా?" అంది వీరమ్మ.

"రాతి కట్టడం అమ్మా. నీ మనవడు కట్టిందే కదా!"

"వరద కూడా వాడే కట్టాడా?"

రాజన్న నవ్వాపుకోలేకపోయాడు. చిట్టెమ్మ కుంచం చేతిలోకి తీసుకుంది.

"మెరక తవ్వడానికి ఎన్ని రోజులు పట్టుద్దో, అన్నాళ్ళూ కూలెవరిస్తారో ముందు చెప్పండి. ఒక ఏడు అటు గంటెలే చల్లుదాం. ఆ తరవాత చూద్దాం. అత్తా, గాబులో ఎన్ని కుంచాలు పోయమంటావు?"

"నిండా పొయ్యి" అంది వీరమ్మ. "పక్క గాబు కూడా కడిగించు."