30న నేను ఉండను కాబట్టి, సూర్యనారాయణ గారికి

పాలకొల్లు
19 నవంబర్ 2026, గురువారం రాత్రి

సూర్యనారాయణ గారికి నమస్కారం.

రేపటి నుంచి నేను సెలవు. సెలవు చీటీ మీ కౌంటర్ దగ్గరే నిలబడి రాశాను కాబట్టి ఇది మీకు కొత్త సంగతేమీ కాదు. 30న మీ రిటైర్మెంట్ రోజున బ్రాంచిలో ఉండలేకపోతున్నాను. ఆ రోజు ఫోన్ చేద్దామంటే మీ ఫోన్ ఖాళీగా ఉండదు. ఉన్నా, దండలూ ఫోటోల హడావుడిలో "సంతోషం అమ్మాయ్, ఉంటాను" తప్ప ఇంకో మాట నడవదు. గ్రూపులో మెసేజ్ పెడితే నలభై చేతులు జోడించిన బొమ్మల మధ్య అదీ ఒకటవుతుంది. మీరు ఇంకా మీ కుర్చీలో ఉండగానే ఇది చదవాలనిపించింది. అందుకే ప్రయాణం సామాన్లు సగం సర్ది కూర్చుని రాస్తున్నాను.

కాశీ సంగతి ఒకసారి చెప్పేస్తాను, మళ్లీ సంజాయిషీ ఇవ్వను. తొమ్మిది నిద్రలు చేయాలన్నది అమ్మ కోరిక. అదీ కార్తీకంలోనే, పౌర్ణమి కలిసి రావాలి. పౌర్ణమి 24న. 22న దిగితే తొమ్మిదో నిద్ర 30 రాత్రికి పడుతోంది. టికెట్లు తీసే ముందు అమ్మను అడిగి చూశాను, ఒక రోజు ముందు బయల్దేరి వచ్చేద్దామా అని. "ఎనిమిది నిద్రలు చేసొచ్చినవాళ్లను ఎక్కడైనా చూశావా?" అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది. మీతో చెప్పినప్పుడు మీరూ అమ్మ పక్షమే చేరారు. ఇంతకీ కాశీలో ఏదో ఒకటి వదిలిపెట్టి రావాలి కదా, అమ్మ కాకరకాయ వదిలేస్తుందట. ఆవిడ కాకరకాయ తినగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఇవాళ సాయంత్రం నా తాళాలు అప్పగించాను. రిజిస్టర్‌లో సంతకాలు పెడుతున్నప్పుడు మీరు గమనించారో లేదో, నేను కాస్త ఆలస్యం చేశాను. మనిద్దరం కలిసి స్ట్రాంగ్ రూమ్ మూయడం ఇదే ఆఖరు. నా తాళం, తర్వాత మీ తాళం, ఆ తర్వాత మీరు హ్యాండిల్ పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూడటం. తాళం పడిందని ఇద్దరికీ తెలుసు, అయినా లాగుతారు. ఒక్కోసారి మెట్ల దాకా వచ్చి, వెనక్కి వెళ్లి మూడోసారి కూడా లాగుతారు. కొత్తలో నాకు నవ్వొచ్చేది. మధ్యలో భీమవరంలో పనిచేసినప్పుడు చూస్తే నేనూ అదే చేస్తున్నాను. అక్కడి మేనేజర్ గారు "ఎవరు నేర్పారమ్మా ఈ చాదస్తం?" అని అడిగారు. మీ పేరు చెప్పాను.

పనిలో నాకు వచ్చిందంతా మీ పక్క కౌంటర్లో కూర్చుని నేర్చుకున్నదే. ట్రైనింగ్ క్లాసుల్లో చెప్పినవన్నీ పరీక్ష రాసేందుకు పనికొచ్చాయి. నోట్ల మీద చేయి ఉండగా నోరు విప్పకూడదని మీరు చెప్పారు. కట్ట మీద స్లిప్ ఉన్నా, సీలు ఉన్నా, అది మన చేత్తో లెక్కపెట్టే దాకా కాగితమే అన్నారు. ఎదుటివాడు తొందర పెడుతుంటే మనం నిదానించాలి అన్నారు. ఈ మూడో మాట బ్యాంకు బయట కూడా చాలా చోట్ల పనికొచ్చింది.

ఈ నెల పదో తారీఖున మీరు ఏమీ అనలేదు గానీ నాకు గుర్తుంది. పదేళ్లయింది. 2016 నవంబర్ 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు, 9న బ్యాంకులు మూశారు, 10న తెరిచారు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. పొద్దున్న షట్టర్ తీసేసరికి లైను వీధి మలుపు దాటిపోయింది. నాకు చేతులు వణికాయి. మార్చుకోవడానికి మొదట మనిషికి నాలుగు వేలు, తర్వాత నాలుగున్నర వేలు, ఆ తర్వాత రెండు వేలు. రోజుకో సర్క్యులర్, వేలికి సిరా ఒకటి. జనం మమ్మల్ని అడిగేవారు, మేం మిమ్మల్ని అడిగేవాళ్లం.

ఆ రోజుల్లో మీరు చేసిన ఒక పని గురించి ఇన్నాళ్లూ మీ దగ్గర ఎత్తలేదు. చెస్ట్ నుంచి మనకు వచ్చినవి ఎక్కువ రెండువేల నోట్లు, వందలు కొద్దిగా. ఆ వందలన్నీ మీరు ఎడమవైపు డ్రాయర్లో విడిగా పెట్టారు. కొబ్బరి వ్యాపారులు, చెరువుల వాళ్లు వస్తే రెండువేల నోటు ఇచ్చేవారు. దింపు కూలీ వచ్చినా, పాచి పని చేసుకునే ఆవిడ వచ్చినా డ్రాయర్ తెరిచేవారు. "వాళ్లకు రెండువేల నోటు ఇస్తే చిల్లర ఎవడిస్తాడు? ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే" అని నాతో ఒక్కసారి అన్నారు, అదీ నేను అడిగితే. ఒక పెద్ద మనిషి కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నాడు, నాకు వందలు ఎందుకివ్వరని. మీరు తలెత్తకుండానే "మీకు అప్పిచ్చేవాళ్లున్నారండీ" అన్నారు. ఆయన కోపమంతా దిగిపోయి నవ్వేశాడు. ఏ సర్క్యులర్‌లోనూ లేని పని అది. ఎవరూ మిమ్మల్ని అలా చేయమనలేదు, చేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు. రెండువేల నోటు కూడా వచ్చింది, 2023లో వెనక్కి పోయింది. నాకు మాత్రం ఆ డ్రాయర్ గుర్తుండిపోయింది.

ఇంకొకటి మీ గొంతు గురించి. ఎవరైనా పాస్‌బుక్ ఇచ్చి ఎంతుందో చూడమంటే మనలో చాలామందిమి కౌంటర్ అవతల నలుగురికీ వినిపించేలా చెప్పేస్తాం. మీరు కాగితం ముక్క మీద అంకె రాసి గాజు కింద నుంచి జరుపుతారు. చదువు రాని వాళ్లయితే దగ్గరికి రమ్మని మెల్లగా చెబుతారు. ఖాతాలో 112 రూపాయలున్నా లక్షా పన్నెండు వేలున్నా అదే తీరు. కువైట్ నుంచి కోడలు డబ్బు పంపిందా లేదా అని ప్రతి నెలా మొదటి వారంలో వచ్చే మంగమ్మ గారు ఎంత రద్దీ ఉన్నా మీ లైన్లోనే ఎందుకు నిలబడతారో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. నా కౌంటర్ ఖాళీగా ఉన్నా రారు. ఒక రోజు పిలిచాను కూడా. "ఉండనీ అమ్మా, ఆయనకి తెలుసు" అన్నారు. డబ్బు పడని నెలల్లో ఆవిడ మొహం చిన్నబోకుండా "ఇంకా రెండ్రోజులు చూద్దామండీ, అక్కడ జీతాలు ఆలస్యమవుతుంటాయి" అని మీరు చెబుతుండగా విన్నాక అర్థమైంది. డిసెంబర్ మొదటి వారంలో ఆవిడ వస్తారు. నేను తిరిగొచ్చాక నా దగ్గరికే రమ్మని మీరు ఒక మాట చెప్పి వెళ్లండి. మీరు చెబితే వస్తారు. కాగితం మీద రాసే నేను ఇస్తాను.

ఈ నెలంతా లైఫ్ సర్టిఫికెట్ల జనమే కదా. మీ ఆఖరి నెల నవంబరే కావడం మీ అదృష్టమో మా అదృష్టమో తెలియదు. ఫోన్లోనే మొహం చూపించి జీవన్ ప్రమాణ్ ఇచ్చుకోవచ్చని చెప్పినా మన పెన్షనర్లు ఇంట్లో కూర్చోరు. బతికి ఉన్నామని కాగితం ఇచ్చే వంకతో అందరినీ ఒకసారి చూసి పోవాలి, అంతే. వచ్చే నవంబర్లో మీరూ ఆ లైన్లోనే ఉంటారు. వేలిముద్ర పడకపోతే మీరు వాళ్లకు చెప్పినట్టే నేనూ చెబుతాను, "చేతులు కడుక్కుని రండి మాస్టారూ, తొందరేం లేదు" అని. కుర్చీ మాత్రం వేయిస్తాను.

మిగతావి పనికి సంబంధించినవి. 28 నాలుగో శనివారం, 29 ఆదివారం. కాబట్టి నాణేల సంచులు, చిరిగిన నోట్ల కట్టలు శుక్రవారం 27 సాయంత్రానికే రమేష్‌తో కలిసి లెక్క చూసి ఉంచుకోండి. సోమవారం పొద్దున్నే మొదలుపెడితే ఒకవైపు ఖాతాదారులు, ఒకవైపు సన్మానం, మధ్యలో మీ లెక్క. మీరు ఆ రోజు కూడా టాలీ కాకుండా లేవరని నాకు తెలుసు. శాలువా కప్పేవాళ్లు ఆగాల్సిందే. పది రూపాయల నాణేల సంచి బరువుగానే ఉంది. మన ఊళ్లో ఇప్పటికీ సగం కొట్లలో తీసుకోవడం లేదు. ఆర్‌బీఐ చెప్పినా, మీరు చెప్పినా వినని ఊరు మనది.

కార్డు మీద నా సంతకం ఇవాళే పెట్టాను. ఎక్కడ పెట్టానో చెప్పను. కార్డుతో పాటు ఇంకేదో కూడా ఉంది. అదేమిటో చెబితే నాగరాజు నన్ను బ్రాంచిలో అడుగు పెట్టనివ్వడు. మధ్యాహ్నం భోజనంలో మీకు పనస పొట్టు కూర ఉండేలా మాత్రం నేను ముందే చెప్పి ఉంచాను. దొరికితే చేస్తానన్నాడు వంటాయన. ఆ మాట గట్టిగా పట్టుకోకండి.

ఒక కోరిక. ఈ ఉత్తరం సభలో చదవొద్దు. ఎవరైనా "శ్రావణి ఏం రాసింది?" అని అడిగితే, తాళం రెండుసార్లు లాగి చూడమని రాసిందని చెప్పండి. మేడమ్ గారికి మాత్రం చూపించండి. పదేళ్ల నాటి ఆ నెలలో మీరు రాత్రి పదకొండింటికి ఇంటికి చేరుతుంటే ఆవిడ క్యారేజీలు పంపిన సంగతి, అందులో మా వాటా కూడా ఉన్న సంగతి మేం మర్చిపోలేదు.

రిటైరయ్యాక ఏం చేస్తారని అందరూ అడుగుతున్నారు మిమ్మల్ని. విని విని మీకు విసుగు పుట్టిందని మొన్న టీ దగ్గర మీ మొహం చూస్తే తెలిసింది. నేను అడగను. డిసెంబర్ ఒకటో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి మీకు చేతులు ఊరుకోవని మాత్రం తెలుసు. అలవాటు కొద్దీ చొక్కా వేసుకుని బయల్దేరితే బ్రాంచి దాకా రాకండి, క్షీరారామం దాకా వెళ్లి రండి. కార్తీకమే కదా.

మేం 3న ఊరు చేరుతాం. 6 ఆదివారం సాయంత్రం ఐదింటికి అమ్మతో కలిసి మీ ఇంటికి వస్తాను. మీకు గంగ చెంబు, మేడమ్ గారికి అన్నపూర్ణమ్మ దగ్గర కుంకుమ, మీ మనవడికి కాశీ తాడు తెస్తాం. ఇంకేమైనా కావాలంటే 30 లోపు ఒక మెసేజ్ పెట్టండి. ఆదివారం మీకు వీలు కాకపోతే అదీ చెప్పండి, ఇంకో రోజు పెట్టుకుందాం.

ఉంటాను సార్.

మీ
శ్రావణి