విషయం: మధురవాడ సైటుకు 18 టన్నుల టీఎంటీ ఊచలు – నవంబరు 6, 7, 8 తేదీల్లో వాట్సాప్‌లో కుదిరిన మాటల నమోదు (పీవో 117)

తేదీ: 10 నవంబరు 2025, సోమవారం, ఉదయం 10:15
ప్రతి: సైటు ఇంజనీరు, అకౌంట్స్
జతచేసినవి: వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్, మీరు పంపిన మూడు ఫొటోలు, రెండు వాయిస్ మెసేజ్‌లు

సత్యనారాయణ గారికి నమస్కారం.

గురువారం నుంచి శనివారం వరకు వాట్సాప్‌లో మనం మాట్లాడుకున్నవి ఒకచోట రాసి పంపుతున్నాను. ఫోనులో అనుకున్నది, వాయిస్‌లో చెప్పినది, బొటనవేలు ఎమోజీ పెట్టినది రేపు బిల్లు దగ్గర ఒకరికి ఒకలా, మరొకరికి ఇంకోలా గుర్తుంటుంది. అందుకే ఎక్కడ మీ మాట ఉందో, ఎక్కడ నేను అర్థం చేసుకున్నది ఉందో విడిగా చూపించాను. తప్పుంటే ఆ వాక్యం కిందే దిద్ది పంపండి.

సరుకు: వైజాగ్ స్టీల్ టీఎంటీ, ఎఫ్ఈ 500డి, ఐఎస్ 1786 ప్రకారం, 12 మీటర్ల పొడవు. 6వ తేదీ కొటేషన్ ఫొటోలో "500" అని మాత్రమే ఉంది. నేను అడిగితే మధ్యాహ్నం 3:20కి "డీ నే సార్" అన్నారు. ఆ మాటే ఖాయం. వేరే మిల్లు సరుకు ఒక్క కట్ట కలిసినా దించుకోం.

8 ఎంఎం – 3 టన్నులు, టన్ను రూ.54,400 – రూ.1,63,200
10 ఎంఎం – 4 టన్నులు, టన్ను రూ.53,400 – రూ.2,13,600
12 ఎంఎం – 5 టన్నులు, టన్ను రూ.52,400 – రూ.2,62,000
16 ఎంఎం – 6 టన్నులు, టన్ను రూ.52,400 – రూ.3,14,400
మొత్తం రూ.9,53,200, జీఎస్టీ 18 శాతం రూ.1,71,576, అన్నీ కలిపి రూ.11,24,776.

రేటు గురించి ఒక మాట. 6వ తేదీ వాయిస్‌లో "రేటు మారితే చెప్తాం సార్" అన్నారు. 8వ తేదీ రాత్రి 9:05కి "52400 ఫైనల్, జీఎస్టీ ఎక్స్‌ట్రా, బండి మాదే" అని రాశారు. తర్వాతి మాట ముందుదాన్ని రద్దు చేసిందని, ఈ రేట్లు రెండు లోడ్లకూ వర్తిస్తాయని, రవాణా ఖర్చు ఇందులోనే ఉందని తీసుకున్నాను. మొదటి లోడుకు మాత్రమే అనుకుని ఉంటే ఇప్పుడే చెప్పాలి.

లోడ్లు: మీ మెసేజ్‌లో "సోమవారం నైట్" అని మాత్రమే ఉంది. అదే రోజు సరుకు 15వ తేదీకి మీ ఆటోనగర్ గొడౌనుకు వస్తుందన్నారు కాబట్టి ఆ సోమవారం ఇవాళ్టిది కాదు, 17వ తేదీ. మొదటి లోడు (12 ఎంఎం 3 టన్నులు, 16 ఎంఎం 6 టన్నులు) 17వ తేదీ రాత్రి 10 గంటల నుంచి 18వ తేదీ ఉదయం 5 లోపు. రెండో లోడు (8 ఎంఎం 3, 10 ఎంఎం 4, 12 ఎంఎం 2 టన్నులు) 24వ తేదీ రాత్రి అవే వేళలకు. మాకు 22న కాలమ్స్ కాంక్రీటు ఉంది. 16 ఎంఎం రెండు రోజులు ఆలస్యమైతే ఊచలు కట్టే మేస్త్రీలు ఖాళీగా కూర్చుంటారు. అందుకే ఈ తేదీ మీద ఇంత పట్టుబడుతున్నాను.

తూకం: బిల్లు కాటా బరువు మీదే. ఖాళీ బండి, లోడు బండి రెండు చీటీలూ డ్రైవరు దగ్గర ఉండాలి. మీ కాటాకూ సైటు దగ్గరి కాటాకూ లోడుకు 30 కిలోల వరకు తేడా వస్తే పట్టించుకోం (7వ తేదీ ఉదయం 10:12, మీ మాట). అంతకు మించితే సైటు దగ్గరి చీటీ ప్రకారమే బిల్లు.

ఇందులో కాటా చెప్పలేని సంగతి ఒకటుంది. రెండు సైజులు ఒకే బండిలో వస్తే కాటా మొత్తం బరువే చూపిస్తుంది. ఏ సైజు ఎంతో తెలియాలంటే కట్టలు విడివిడిగా, ప్రతి కట్టకూ ట్యాగుతో రావాలి. మేము ఊచలు లెక్కపెట్టుకుంటాం. 16 ఎంఎం మీటరుకు 1.58 కిలోలు, అంటే 12 మీటర్ల ఊచ 18.96 కిలోలు, 6 టన్నులకు సుమారు 316 ఊచలు. 12 ఎంఎం మీటరుకు 0.888 కిలోలు, 3 టన్నులకు సుమారు 281. ఊచలు తేలికగా ఉంటే తూకంలో మాకు డబ్బు నష్టం కనిపించదు, కానీ డ్రాయింగు ప్రకారం లెక్కపెట్టి కట్టిన కాలమ్‌లో ఇనుము తగ్గుతుంది. బరువెక్కువైతే అదే పొడవుకు ఎక్కువ డబ్బు కడతాం. ఐఎస్ 1786 లాటు మీద 8, 10 ఎంఎంకు 7 శాతం, 12, 16 ఎంఎంకు 5 శాతం తేడా ఒప్పుకుంటుంది. అంటే 12 ఎంఎం మీటరుకు 0.844 నుంచి 0.932 కిలోల మధ్య ఉండాలి. దాటితే ఆ సైజు వెనక్కి, బండి ఖర్చు మీదే. దీనికి మీరు 7న "సరే" అన్నారు.

టెస్ట్ సర్టిఫికెట్: మీరు పంపిన ఫొటోలో 16 ఎంఎం హీట్ నంబరు కనిపిస్తోంది, 12 ఎంఎందు మడతలో పోయింది. ప్రతి సైజుకూ పీడీఎఫ్ పంపండి. హీట్ నంబరు కట్ట మీది ట్యాగుతో సరిపోకపోతే ఆ సర్టిఫికెట్‌తో ఉపయోగం లేదు. సముద్రపు గాలికి తుప్పు పొరలుగా లేచిన పాత స్టాకు వద్దు. పైపైన ఎర్రబారితే అభ్యంతరం లేదు. దారిలో టార్పాలిన్ కప్పాలి.

చెల్లింపు: 7న ఆర్‌టీజీఎస్‌లో పంపిన రూ.2,00,000 అడ్వాన్సును లోడుకు లక్ష చొప్పున సర్దాలి. తూకం సరిగ్గా సరిపోతే మొదటి లోడుకు రూ.4,56,488, రెండో దానికి రూ.4,68,288 మిగులుతుంది. "వారంలో" అన్న మాటకు, సైటులో సరుకు దిగి చీటీ మీద మా ఇంజనీరు సంతకం పెట్టిన రోజు నుంచి 7 రోజులని అర్థం. బిల్లు తేదీ నుంచి కాదు.

ఇంకా తేలనివి మూడు. వీటిని ఒప్పుకున్నట్టుగా ఎవరమూ చెప్పుకోవద్దు.

మొదటిది. 7న ఉదయం 11:42కి రెండు ప్రశ్నలు ఒకే మెసేజ్‌లో అడిగాను: మొదటి లోడు మడత పెట్టకుండా తిన్నగా వస్తుందా, దించే కూలి ఎవరిది? మీరు "ఓకే" అన్నారు. దేనికో తెలియదు, రెండూ కలిపి అడగడం నా పొరపాటు. ఊచలు తిన్నగా వస్తే ట్రెయిలర్ మా వీధి మలుపు తిరగదు, హైవే సర్వీసు రోడ్డు పక్కన ఆపి 150 మీటర్లు మోయించాలి. సైటులో దించే కూలి మేమే ఇస్తాం. ఆ మోత కూలి ఎవరిదో మీరు రాయాలి. రెండో లోడు మడతలో వచ్చినా పర్వాలేదు.

రెండోది. ఆలస్యానికి రోజుకు రూ.2,000 తగ్గిస్తామంటే "చూద్దాం సార్" అన్నారు. అది అంగీకారం కాదని నాకు తెలుసు. అవునో కాదో చెప్పండి. తుపాను హెచ్చరిక ఉన్న రోజులు లెక్కలోకి తీసుకోం. మామూలు వాన కారణం కాదు.

మూడోది. 8వ తేదీ సాయంత్రం మీరు ఒక మెసేజ్ పంపి తీసేశారు. నేను చదవలేదు. అందులో ముఖ్యమైనదేదైనా ఉంటే ఇక్కడ రాయండి, లేకపోతే అది లెక్కలో లేదు.

రేపు 11వ తేదీ సాయంత్రం 5 గంటల లోపు ఈ మెయిల్‌కే "పైవన్నీ సరే" అనో, దిద్దుబాట్లతోనో, మూడు ప్రశ్నలకు జవాబులతో రిప్లై ఇవ్వండి. జవాబు రాకపోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకోను. రాతపూర్వకంగా వచ్చాకే గేటు పాసు ఇస్తాను. ఇకపై రేటు, తేదీ, పరిమాణం మారితే ఈ మెయిల్ గొలుసులోనే. బండి నంబరు, డ్రైవరు ఎక్కడున్నాడు, ఈ-వే బిల్లు ఫొటో వంటివి వాట్సాప్‌లో పంపినా చాలు.

ఇట్లు,
శ్రీధర్
కొనుగోళ్లు, మధురవాడ సైటు ఆఫీసు, విశాఖపట్నం