శ్రీనూకి

శ్రీనూ,

నాన్నగారు పోయారని అక్క ఫోన్ చేసి చెప్పింది. వెంటనే నీకు చేద్దామనుకుని, ఆ సమయంలో నీ చుట్టూ ఎంతమంది ఉంటారో గుర్తొచ్చి ఆగాను. ఇది వీలైనప్పుడు చదువు. జవాబు రాయక్కర్లేదు. రాయవనే అనుకుంటున్నాను కూడా.

ధైర్యంగా ఉండమని నేను చెప్పను. వచ్చినవాళ్లంతా ఆ మాట ఈపాటికి చెప్పే ఉంటారు, వాళ్లకి కుర్చీలు వేసినవాడివీ నువ్వే అయి ఉంటావు.

నాన్నగారు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మీ గోడగడియారం. మనం ఇంటర్‌లో ఉండగా ఒకరోజు నీకోసం వస్తే నువ్వు ఇంట్లో లేవు. ఆయన నన్ను స్టూలు పట్టుకోమని, ఎక్కి గడియారం దింపారు. పాత సెల్లు తీసి కొత్తది వేసి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, గడియారం వెనక అంటించిన కాగితం మీద ఆ రోజు తారీఖు వేశారు. దాని పైన అప్పటికే తారీఖుల వరస ఉంది, కొన్ని నీలం ఇంకుతో, కొన్ని ఎర్ర ఇంకుతో. ఎందుకండీ ఇది అంటే, "ఏడాది వస్తుందని డబ్బా మీద రాశాడు కదా, చూద్దాం" అన్నారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు, నిజంగానే చూస్తున్నారు. నేను బండి కొన్నాక సర్వీసింగ్ తారీఖులు అలాగే రాయడం మొదలుపెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ సీటు కింద ఉంటుంది. ఆయన చూసి ఉంటే, కిలోమీటర్లు కూడా వేస్తున్నావా అని అడిగేవారు. వెయ్యట్లేదు.

ఇంకో సంగతి. పోయిన నెల ఫోన్‌లో నువ్వు ఒక మాట అన్నావు, రాత్రి ఆయన మూడోసారి లేపితే విసుక్కున్నానని, ఆ తర్వాత ఆయన లేపడమే మానేశారని. అప్పుడు నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడూ అది పెద్ద విషయం కాదులే అని కొట్టిపారెయ్యను, నీకది పెద్దదే. నేను కళ్లారా చూసింది మాత్రం చెప్తాను. నేను చూడ్డానికి వచ్చినప్పుడు నువ్వు మందులకి బయటికి వెళ్లావు గుర్తుందా? నువ్వు గుమ్మం దాటగానే ఆయన నన్ను దగ్గరికి పిలిచారు. "వాడు సరిగ్గా పడుకుని ఎన్నాళ్లయిందో. నేను చెప్తే వినడు, నువ్వు చెప్పరా" అన్నారు. నువ్వు వచ్చేసరికి మాట మార్చేసి, చిల్లర సరిగ్గా ఇచ్చాడా అని నిన్ను అడిగారు. లేపడం ఎందుకు మానేశారో నేను ఊహించి చెప్పను. ఆ మధ్యాహ్నం ఆయన బెంగ తన గురించి కాదు, అదొక్కటి నాకు తెలుసు.

ఇక పనుల సంగతి. ఇవన్నీ ఇప్పుడే ఆలోచించాలని కాదు, ఎవరో ఒకరు కంగారు పెడతారని ముందే చెప్తున్నాను. ఆయన ఫోన్ నంబరు అప్పుడే తీయించెయ్యకండి. ఏ ఖాతాలున్నాయో, ఏ పాలసీకి డబ్బు కడుతున్నారో దానికొచ్చే మెసేజ్‌ల వల్లే తెలుస్తుంది. రీఛార్జ్ నేను చేసేశాను. డెత్ సర్టిఫికెట్ చేతికి రాగానే ఆయన పేరు పాస్‌బుక్కులో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూడు, తీసుకునేటప్పుడే నాలుగైదు కాపీలు తీసుకో. మా ఇంట్లో ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకి ఎంత తిరిగామో నీకు తెలుసు. ఆయన లెక్కల పుస్తకాలు ఎక్కడ పెట్టేవారో ఆంటీకి తెలిసే ఉంటుంది కానీ, ఇప్పుడే అడక్కండి. ఆవిడ దగ్గర రాత్రిళ్లు ఎవరైనా పడుకుంటున్నారా? లేకపోతే మా అమ్మ వస్తానంటోంది, ఎన్నాళ్లయినా ఉంటుంది. ఇది మాత్రం అక్కతో ఒక మాట చెప్పించు.

ఆదివారం పొద్దున్నే నేను వస్తున్నాను. ఫారాలు నేను నింపుతాను, నువ్వు సంతకాలు పెడితే చాలు. ఆ ఓపిక కూడా లేకపోతే వాటిని పక్కన పడేసి, నువ్వు కాసేపు పడుకో, వచ్చేపోయేవాళ్లని నేను చూసుకుంటాను. అసలు ఎవరూ రావద్దనిపిస్తే "వద్దు" అని ఒక్క ముక్క పెట్టు. ఏమీ అనుకోను, ఆ పై ఆదివారం వస్తాను.

ప్రసాద్